పెన్ను పిల్లల చేతిలోనే ఉండాలి
దరఖాస్తు వ్యాసాన్ని ఇంట్లోవాళ్లు చదివి సలహా చెప్పే పద్ధతి

ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే మన పిల్లల్లో కొందరు అమెరికాలో డిగ్రీ చదువుకు దరఖాస్తు పెడుతున్నారు. వెయ్యికి పైగా కాలేజీలు, యూనివర్సిటీలు ‘కామన్ యాప్’ అనే ఒకే దరఖాస్తును తీసుకుంటాయి. అందులో మార్కులు, టీచర్ల ఉత్తరాలు, చదువుకు బయట చేసే పనుల జాబితా ఉంటాయి. వాటితోపాటు విద్యార్థి తన గురించి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాయాలి. ఏడు ప్రశ్నలు ఇస్తారు, ఒకటి ఎంచుకోవచ్చు. ఏడోది ఏ విషయం మీదైనా రాయడానికి వీలిస్తుంది. వ్యాసం 250 పదాలకు తగ్గకూడదు, 650 దాటకూడదు.

ఈ వ్యాసాన్ని పిల్లలు ముందుగా ఇంట్లోవాళ్లకే చూపిస్తారు. అబ్బా, అమ్మీ, మామూ, పెద్దన్నయ్య, ఎవరికి ఇంగ్లీషు బాగా వస్తే వాళ్ల చేతికి అది వెళ్తుంది. వాళ్లు ప్రేమతోనే పెన్ను తీసుకుంటారు. రెండు రోజుల తరువాత తిరిగొచ్చే కాగితంలో భాష గంభీరంగా ఉంటుంది, తప్పులు ఉండవు, పిల్ల కూడా ఉండదు. ఈ పాఠంలో మేము చెప్పదలచింది ఒక్కటే. ఇంట్లోవాళ్లు చేయగల గొప్ప సాయం రాయడం కాదు, తమకు ఏం అర్థమైందో, ఎక్కడ అర్థం కాలేదో చెప్పి, సరైన ప్రశ్న అడగడం. అది ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఎందుకు తిరగరాయకూడదు

మొదటి కారణం నిజాయితీ. దరఖాస్తు పంపేటప్పుడు విద్యార్థి ఒక ప్రకటనకు ఒప్పుకుని సంతకం పెట్టాలి. వ్యాసంతో సహా ఇందులో ఉన్నదంతా నా సొంత పని, నిజం అని దాని సారాంశం. మామూ రాసిన పేరా అందులో ఉంటే, పదిహేడేళ్ల పిల్ల చేత మనమే అబద్ధానికి సంతకం పెట్టించినట్లు అవుతుంది.

రెండో కారణం, అలా రాసినది ఆ పిల్లకు పనికిరాదు. దరఖాస్తు చదివేవాళ్ల ముందు ఒక్క వ్యాసమే ఉండదు. పనుల జాబితాలో ఒక్కో పని గురించి 150 అక్షరాల్లో రాసిన వివరణ ఉంటుంది. చాలా యూనివర్సిటీలు విడిగా అడిగే చిన్న ప్రశ్నలకు జవాబులు ఉంటాయి. విద్యార్థి డ్యూయోలింగో ఇంగ్లీషు పరీక్ష రాసి ఉంటే, ఆ పరీక్షలో అప్పటికప్పుడు రాసిన నమూనా కూడా స్కోరుతోపాటు యూనివర్సిటీకి చేరుతుంది. అన్నీ ఒకరే రాసినట్లు ఉండి పెద్ద వ్యాసం ఒక్కటి నలభై ఐదేళ్ల ఉద్యోగి రాసినట్లు ఉంటే, చదివేవాళ్లకు తేడా తెలిసిపోతుంది.

మూడో కారణం అన్నిటికంటే ముఖ్యం. మార్కులు అంకెల్లో ఉన్నాయి. గుణగణాలు టీచర్ల ఉత్తరాల్లో ఉన్నాయి. ఈ పిల్ల లోకాన్ని ఎలా చూస్తుంది, ఎలా ఆలోచిస్తుంది అన్నది ఆమె మాటల్లో నేరుగా తెలిసే చోటు ఈ వ్యాసమే. అక్కడ కూడా పెద్దవాళ్లు మాట్లాడితే ఆమెకు చోటు మిగలదు.

ఒక ఉదాహరణ

ఇలాంటి వ్యాసాల్లో సాధారణంగా కనిపించే పోకడలను ఒకచోట చేర్చి ఈ ఉదాహరణ కట్టాము. అసలు వ్యాసాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఇక్కడ వాటి ధోరణి తెలిసేలా తెలుగులో చెబుతున్నాము.

అమ్మాయి తండ్రి టైలర్. స్టాటిస్టిక్స్ చదవాలని ఆమె కోరిక. మొదటి చిత్తు ప్రతిలో గణితం గొప్పదనం గురించి ఒక పేరా రాసి, తరువాత ఇలా రాసింది:

“మా అబ్బా టైలర్. మా షాపులో కొలతల పుస్తకం ఉంది. ఎనిమిదో తరగతి నుంచి దాన్ని నేనే రాస్తున్నాను. అబ్బా టేపు పట్టి చెబుతారు, నేను రాస్తాను. పని లేనప్పుడు పాత పేజీలు తిరగేస్తాను. మనుషులు మారడం అందులో కనిపిస్తుంది. నాకు లెక్కలంటే ఇష్టం.”

మామూ ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఉత్తరాలు రాయడంలో చేయి తిరిగినవారు. ఆయన దాన్ని ఇలా మార్చారు:

“నిరాడంబరమైన కుటుంబ నేపథ్యం నుంచి వచ్చిన నేను బాల్యం నుంచే గణితశాస్త్రం పట్ల అపారమైన ఆసక్తిని పెంపొందించుకున్నాను. నా తండ్రిగారి అలుపెరగని శ్రమ నాకు పట్టుదల, క్రమశిక్షణ, అంకితభావం అనే విలువలను నేర్పింది. ఆయన దుకాణంలో గడిపిన సమయం నా వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దింది.”

రెండోది తప్పుల్లేని భాష. కానీ ఏం పోయిందో చూడండి. కొలతల పుస్తకం పోయింది. టేపు పోయింది. ఎనిమిదో తరగతి పోయింది. “మనుషులు మారడం అందులో కనిపిస్తుంది” అన్న వాక్యం పోయింది. ఆ వాక్యమే వ్యాసానికి ప్రాణం. పదిహేడేళ్ల పిల్ల అంకెల్లో మనుషుల్ని చూస్తోందని చెప్పేది అదొక్కటే. మామూ రాసిన పేరాను కిరాణా కొట్టు యజమాని కొడుకు, ఆటో డ్రైవర్ కూతురు, ఎవరైనా తమ పేరుతో పంపుకోవచ్చు. ఎవరికైనా అతికే మాట ఈ పిల్ల గురించి ఏమీ చెప్పదు.

మామూ అసంతృప్తి మాత్రం సరైనదే. చిత్తు ప్రతి పొడిగా ఉంది. చదివితే ఇంకేదో కావాలనిపిస్తుంది. ఆ అసంతృప్తిని ఆయన తన వాక్యంగా మార్చేశారు. ప్రశ్నగా మార్చి ఉండవలసింది.

మొదటిసారి చదివేటప్పుడు పెన్ను పట్టుకోవద్దు

వ్యాసాన్ని కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వమనండి. కంప్యూటర్‌లో ఫైలు పంపితే వేళ్లు ఆగవు. గూగుల్ డాక్స్‌లో Editor బదులు Commenter అనుమతి ఇస్తే చాలు కదా అని పిల్లలు అనుకుంటారు. దాంట్లో కూడా పెద్దవాళ్లు వాక్యాన్నే మార్చి సూచనగా పెట్టవచ్చు, పిల్లలు ఒక్క నొక్కుతో ఒప్పేసుకోవచ్చు. తిరగరాయడం అలా కూడా జరిగిపోతుంది. అందుకే కాగితం మేలు.

మొదటి నుంచి చివరి దాకా ఒకసారి ఆగకుండా చదవండి. తరువాత కాగితం బోర్లా పెట్టి పిల్లలకు మూడు సంగతులు చెప్పండి.

ఒకటి, “నాకు అర్థమైనది ఇది” అని రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. టైలర్ కూతురి వ్యాసం చదివిన అమ్మీ, “అబ్బా చాలా కష్టపడతారని, నీకు లెక్కలంటే ఇష్టమని అర్థమైంది” అంటే, ఆ మాటలో ఆమెకు పెద్ద సమాచారం ఉంది. తను చెప్పాలనుకున్నది కొలతల పుస్తకం గురించి, అమ్మీకి అందింది అబ్బా కష్టం గురించి. ఎక్కడ దారి తప్పిందో తనే వెతుక్కుంటుంది.

రెండు, “ఇది నాకు ఇంకా గుర్తుంది” అని చెప్పండి. కాగితం చూడకుండా గుర్తొచ్చినదే చెప్పాలి. పుస్తకం గుర్తుందా? పాత పేజీలా? గుర్తున్నవి బలమైన చోట్లు. పిల్లలు కంగారులో తమ బలమైన వాక్యాలనే కొట్టేస్తుంటారు. అది ఆపడానికి ఈ మాట పనికొస్తుంది.

మూడు, “ఇక్కడ నా మనసు పక్కకు పోయింది” అని చెప్పండి. కారణం చెప్పనక్కర్లేదు, ఎలా బాగుచేయాలో అసలు చెప్పవద్దు. ఈ వ్యాసంలో ఆ చోటు మొదటి పేరానే. అక్కడ గణితం గొప్పదనం ఉంది, పిల్ల లేదు.

ఈ మూడూ చెప్పడానికి ఇంగ్లీషు పాండిత్యం అవసరం లేదు. అందుకే ఇంగ్లీషు రాని అమ్మీ కూడా మంచి పాఠకురాలే. పిల్ల వ్యాసాన్ని ఇంట్లో మాట్లాడుకునే భాషలో వాక్యం వాక్యంగా చెప్పి వినిపించాలి. అలా చెప్పలేకపోయిన వాక్యం ఉంటే, దాని అర్థం పిల్లకే సరిగా తెలియదన్నమాట. ఇది మంచి పరీక్ష. పైగా ఇంగ్లీషు రానివాళ్లు తిరగరాయలేరు, అడగగలరు అంతే. చాలాసార్లు ఇంట్లో అందరికంటే ఎక్కువ ఉపయోగపడే సలహా వాళ్ల దగ్గర నుంచే వస్తుంది.

వాక్యం ఇవ్వవద్దు, ప్రశ్న ఇవ్వండి

రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ తీసుకోవచ్చు. రెండే గుర్తులు పెట్టాలి. బాగుందనిపించిన చోట పక్కన గీత, ఇంకా తెలుసుకోవాలనిపించిన చోట ప్రశ్నార్థకం. పదాలు రాయకూడదు. ప్రశ్నార్థకాలు ఎన్ని ఉన్నా, వాటిలో ముఖ్యమైన రెండు మూడు మాత్రమే ఎంచుకుని నోటితో అడగాలి. పదిహేను ప్రశ్నలు వేస్తే పిల్ల వ్యాసాన్నే వదిలేస్తుంది, లేదా “మీరే రాసివ్వండి” అంటుంది.

ప్రశ్న ఎలా ఉండాలి? అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్న పనికిరాదు. “ఇక్కడ అబ్బా త్యాగం గురించి రాస్తే బాగుంటుంది కదా?” అన్నది ప్రశ్న వేషంలో ఉన్న ఆజ్ఞ. ఎవరు, ఎప్పుడు, ఎంత, తరువాత ఏమైంది, అప్పుడు నువ్వేమనుకున్నావు అనేవి మంచి ప్రశ్నలు.

మన ఉదాహరణలో మామూ రెండోసారి ఇలా అడిగారనుకుందాం.

“మనుషులు మారడం కనిపిస్తుందని రాశావు కదా బేటా, ఎవరు మారారు? ఒక్కరి సంగతి చెప్పు.”

“రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక తాత ఉన్నారు మామూ. ఏడాదికోసారి రెండు ప్యాంట్లు కుట్టించుకుంటారు. మూడు పేజీల్లో ఆయన నడుము కొలత చూశాను. 38 ఉండేది, మరుసటి ఏడు 36½, ఆ తరువాత 34.”

“చూసి ఏమనుకున్నావు?”

“పొడుగు, భుజం మారలేదు. నడుము ఒక్కటే తగ్గుతోంది. ఏదో బాగోలేదనిపించింది. అబ్బాకు చూపించాను. ఆయన తాతను డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు. షుగర్ అని తేలింది.”

ఇప్పుడు మామూ చేయవలసిన పని ఒక్కటే. “ఇది వ్యాసంలో లేదు. ఇప్పుడు నాకు ఎలా చెప్పావో అలాగే రాసుకో” అనాలి, లేచి వెళ్లిపోవాలి. పక్కన కూర్చుంటే ఒక్కో పదం తోచినప్పుడల్లా అందిస్తారు. పిల్ల నోటితో చెప్పిన మాటలు వేడిగా ఉన్నప్పుడే, ఒంటరిగా కూర్చుని కాగితం మీద పెట్టాలి. నోటి మాటకు, రాతకు మధ్య దూరం ఎంత తక్కువగా ఉంటే అందులో ఆ పిల్ల గొంతు అంత ఎక్కువగా ఉంటుంది.

ఆమె తిరిగి రాసినది ఇలా ఉంది:

“పుస్తకంలో ఒక తాత నడుము 38 నుంచి 36½, తరువాత 34 అయింది. పొడుగు మారలేదు. భుజం మారలేదు. ఒక్క అంకె మాత్రమే కదులుతోంది. అంకెలు మాట్లాడతాయని లెక్కల సారు అన్నప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ రోజు అర్థమైంది.”

మామూ రాసిన పేరాతో దీన్ని పోల్చి చూడండి. ఇందులో కష్టమైన పదం ఒక్కటి కూడా లేదు. ఒక అంకె కదిలి, మిగతావి కదలనప్పుడు దాన్ని గమనించడమే స్టాటిస్టిక్స్ చదవాలనుకునే పిల్లకు ఉండవలసిన కన్ను. “నాకు అపారమైన ఆసక్తి ఉంది” అని ఆమె చెప్పనక్కర్లేదు. చదివేవాళ్లే ఆ మాట అనుకుంటారు.

అబ్బా మాత్రమే చెప్పగల మాటలు

కుటుంబం తప్ప ఇంకెవరూ చెప్పలేని సలహాలు రెండు ఉన్నాయి. ఒకటి నిజానిజాలు, రెండోది ఇంటి గుట్టు.

రెండో చిత్తు ప్రతిలో అమ్మాయి, “తాత ఆరోగ్యం చెడిందని నేనే మొదట కనిపెట్టాను” అని రాసింది. అబ్బాకు చదివి వినిపిస్తే ఆయన తల ఊపారు. “టేపు చుట్టినప్పుడే నా చేతికి తెలిసింది బేటా. మనిషి తగ్గాడని అనుకున్నాను. కానీ ఎంత తగ్గాడో, ఎన్నాళ్లుగా తగ్గుతున్నాడో నువ్వు పేజీలు చూపించాకే తెలిసింది.”

ఇది తండ్రి ఇవ్వగల అత్యుత్తమమైన సలహా. ఆయన వాక్యం దిద్దలేదు, జరిగింది చెప్పారు. దానితో వ్యాసం నిజానికి దగ్గరైంది, ఇంకా మెరుగైంది కూడా. చేతికి తెలిసినది ఒకటి, అంకెకు తెలిసినది మరొకటి. ఆ తేడా గురించి ఆమె కొత్తగా నాలుగు వాక్యాలు రాసింది. గొప్ప తనదే అని చెప్పుకున్న వాక్యం కంటే, అబ్బాతో పంచుకున్న ఆ నాలుగు వాక్యాల్లో ఆమె పెద్దగా కనిపిస్తుంది. అందుకే తల్లిదండ్రులు తేదీలు, పేర్లు, ఎవరు ఏం చేశారన్నది జాగ్రత్తగా చూడాలి. తప్పుంటే తప్పని చెప్పాలి. పిల్ల గురించి ఎక్కువ చేసి రాసినా చెప్పాలి.

ఇక రెండోది. అదే చిత్తు ప్రతిలో షాపు మీద ఉన్న అప్పు గురించి ఒక పేరా ఉంది. అబ్బాకు అది నచ్చలేదు. “ఈ సంగతి బయటివాళ్లకు వద్దు” అన్నారు. ఆ మాట అనే హక్కు ఆయనకు ఉంది, ఎందుకంటే ఆ అప్పు ఆయనది. తన కష్టం గురించి రాసుకునే స్వేచ్ఛ పిల్లకు ఉన్నట్లే, తన గుట్టు కాపాడుకునే స్వేచ్ఛ తండ్రికి ఉంది. తాత విషయమూ అంతే. ఆయన పేరు, ఊరు వ్యాసంలో ఉండకూడదు.

కానీ “ఇది వద్దు” అనడానికి, “దీన్ని గొప్పగా మార్చు” అనడానికి తేడా ఉంది. “టైలర్ అని ఎందుకు, గార్మెంట్ వ్యాపారి అని రాయి” అన్నారంటే అది గుట్టు కాపాడుకోవడం కాదు, పరువు కోసం నిజాన్ని మార్చడం. తీసేయమని అడగండి, రంగు వేయమని అడగవద్దు. తీసేసిన చోట ఏం రాయాలో పిల్లే నిర్ణయించుకుంటుంది. ఈ అమ్మాయి అప్పు పేరా తీసేసింది. వ్యాసానికి ఏ లోటూ రాలేదు, ఎందుకంటే అది అప్పు గురించిన వ్యాసం కాదు.

650 పదాలకు తగ్గించడం

కొత్తవి చేరాక వ్యాసం 740 పదాలు అయింది. దరఖాస్తులోని పెట్టె 650 దాటితే తీసుకోదు. తొంభై పదాలు పోవాలి. పెద్దవాళ్లు మళ్లీ పెన్ను తీసుకునే ప్రమాదం ఇక్కడే ఎక్కువ, ఎందుకంటే తగ్గించడం అంటే కేవలం కత్తిరించడమే కదా అనిపిస్తుంది. అది నిజం కాదు. ఏది ఉండాలి, ఏది పోవాలి అన్న నిర్ణయంలోనే రాసే మనిషి స్వభావం ఉంటుంది. మామూ కత్తిరిస్తే మామూ స్వభావం మిగులుతుంది.

మీరు చేయవలసింది మొదటి పనే, మళ్లీ ఒకసారి. చదివి, మనసు పక్కకు పోయిన చోట్లు చెప్పండి. ఈ వ్యాసంలో అవి రెండు. గణితం గొప్పదనం చెప్పిన మొదటి పేరా ఒకటి. దేశానికి, సమాజానికి సేవ చేస్తానని మాట ఇచ్చే చివరి మూడు వాక్యాలు ఇంకొకటి. ఆ మూడు వాక్యాలంటే పెద్దవాళ్లకు మహా ఇష్టం, తీసేయాలంటే మనసు ఒప్పదు. కానీ అలాంటి మాట ఏ వ్యాసం చివరైనా అతికించవచ్చు. రెండూ తీసేస్తే వ్యాసం కొలతల పుస్తకంతో మొదలై, చేతికి, అంకెకు తేడా దగ్గర ముగిసింది. పదాల లెక్క కూడా సరిపోయింది.

తప్పులు దిద్దడం ఆఖరి పని

స్పెల్లింగు, వ్యాకరణం మొదట్లో పట్టించుకోవద్దు. రేపు తీసేయబోయే పేరాలో కామా పెట్టడం వృథా. అంతకంటే నష్టం ఏమిటంటే, ఎర్ర గుర్తులు చూసిన పిల్ల ధైర్యంగా రాయడం మానేసి తప్పు రాని వాక్యాలే రాస్తుంది.

అన్నీ కుదిరాక, తప్పున్న వరుస పక్కన మార్జిన్‌లో చిన్న చుక్క పెట్టండి. తప్పేమిటో తననే వెతుక్కోమనండి. దొరక్కపోతే అప్పుడు చెప్పండి.

చుక్క పెట్టేముందు మిమ్మల్ని మీరు ఒక మాట అడగండి: ఇది తప్పా, నాకు నచ్చలేదా? తప్పయితే దాని సూత్రం చెప్పగలరు. కర్త ఏకవచనం, క్రియ బహువచనం అయింది, లేదా ఒకే వాక్యంలో భూతకాలం, వర్తమానం కలిశాయి అని చెప్పవచ్చు. “ఇలా అంటే హుందాగా ఉంటుంది” అని మాత్రమే చెప్పగలిగితే అది మీ అభిరుచి, దాన్ని వదిలేయండి. వాక్యాలు పొట్టిగా ఉండడం తప్పు కాదు. ‘తండ్రిగారు’ బదులు ‘అబ్బా’ అని రాయడం తప్పు కాదు. మన ఇళ్లలో పలికే మాట ఒకటి రెండు చోట్ల ఉంటే, అర్థం తెలిసేలా ఉన్నంతవరకు, అలాగే ఉండనివ్వండి.

గీత దాటామేమో తెలుసుకోవడం ఎలా

పంపేముందు మూడు పరీక్షలు చేయవచ్చు. మొదటిది, వ్యాసాన్ని పిల్ల చేత పైకి చదివించండి. తన వాక్యాలను పిల్లలు సాఫీగా చదువుతారు. వేరేవాళ్ల వాక్యం దగ్గర గొంతు మారుతుంది, నాలుక తడబడుతుంది. రెండోది, కష్టంగా కనిపించిన ఏ పదమైనా చూపించి, దాన్ని ఇంకో వాక్యంలో వాడి చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ పదం తనది కాదు. తనకు వచ్చిన పదం పెట్టుకోమనండి. మూడోది పెద్దవాళ్లకు. చివరి ప్రతిని చదువుతూ, మీకు తెలియకుండానే మీ వాక్యం కోసం వెతుకుతున్నారా? “ఇది నేను చెప్పిందే” అని సంతోషం కలిగిన చోటు ఏదైనా ఉంటే, అక్కడ మళ్లీ రాయమనండి.

ఇంకో జాగ్రత్త. ఎంతమంది చదవాలి? ఇద్దరు, మహా అయితే ముగ్గురు. చాచా ఒకటి, మామూ ఒకటి, పక్కింటి మాస్టారు ఒకటి చెబితే, పిల్ల అందరి మాటా మన్నించి, అందరికీ నచ్చే వ్యాసం రాస్తుంది. అందులో పదును ఉండదు. ఇంట్లో ఒకరు, ఇంట్లో సంగతులు తెలియని టీచరో స్నేహితురాలో ఒకరు ఉంటే సరిపోతుంది. ఇంట్లోవాళ్లు చెప్పకుండా వదిలేసిన విషయాన్ని కూడా తమకు తెలుసు కాబట్టి పూరించుకుని చదువుతారు. బయటివాళ్లకు ఆ ఖాళీ కనిపిస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పద్ధతి తెలిసినా, సమయం లేకపోతే అందరూ తిరగరాయడానికే దిగుతారు. రేపు ఆఖరి తేదీ అనగా రాత్రి పదకొండు గంటలకు ప్రశ్నలు అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. కామన్ యాప్ కొత్త దరఖాస్తు ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు దరఖాస్తులకు చాలా యూనివర్సిటీల్లో ఆఖరి తేదీ నవంబరు 1, మామూలు వాటికి జనవరి మొదట్లో ఉంటుంది. ఆగస్టు నెలలో మొదటి చిత్తు ప్రతి చేతికి రావాలి. పెన్ను లేకుండా చదవడం, ప్రశ్నలు అడగడం సెప్టెంబరులో రెండు విడతలుగా జరగాలి. ఒక్కో విడతకు మధ్య పది రోజులైనా వదలాలి. అంత వ్యవధి ఉంటే పిల్ల తన రాతను కొత్తగా చూస్తుంది, మీరూ కొత్తగా చదువుతారు. తగ్గించడం, చుక్కలు పెట్టడం అక్టోబరు పని.

వ్యాసం ఇచ్చేటప్పుడు పిల్లలు కాగితం పైన ఈ నాలుగు వరుసలు రాసి ఇస్తే పెద్దవాళ్లకు దారి తెలుస్తుంది. పిల్లలు అడగడానికి మొహమాటపడతారు కాబట్టి, ఈ నాలుగు వరుసలూ రాసి తెమ్మని మనమే చెబుదాం.

ఇందులో మీకు ఏం అర్థమైంది?
చూడకుండా మీకు గుర్తున్నది ఏమిటి?
మనసు ఎక్కడ పక్కకు పోయింది?
నన్ను అడగాలనిపించిన ఒక్క ప్రశ్న ఏమిటి?